అడ్మిన్ ఫోన్ గుంటలో పడింది

అల్లూరు వైపు మా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్ చేసి ఉంది. ఉన్న ఒక్క అడ్మిన్ మా మామ, ఫోన్‌ని సిమ్‌తో సహా గుంటలో పడేసుకున్నాడు, ఇక కౌంట్ రేట్లు పెట్టే దిక్కు లేదు. ఆయనే గ్రూపు వదిలి వెళ్లుంటే మిగిలినవాళ్లలో ఎవరో ఒకరిని వాట్సాపే అడ్మిన్ చేసేది, కానీ నంబరు ఇంకా గ్రూపులోనే ఉందాయె. అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీయించి కొత్త ఫోన్‌లో ఓటీపీ కొట్టాం. అప్పుడు అడిగింది టూ స్టెప్ పిన్! మామకు గుర్తులేదు, ఈమెయిలూ ఇచ్చి పెట్టలేదు, అలాంటప్పుడు 7 రోజులు ఆగాల్సిందే. గడువయ్యాక పాత చాట్లు రాలేదు గానీ గ్రూపు, అడ్మిన్ హక్కు అలాగే ఉన్నాయి. వెంటనే సభ్యుల లిస్టులో నా పేరు నొక్కి పట్టి Make group admin కొట్టించా, తమ్ముడికి కూడా.