ఆఫీసు హిందీ, 4వ పాఠం: లక్నోకి ఒక బిల్లుల మెయిల్

పోయిన పాఠంలో మెయిల్ ఎలా మొదలుపెట్టాలో, పేరు పక్కన 'జీ' ఎప్పుడు చేర్చాలో చూశాం. ఇప్పుడు అసలు విషయం రాసే చోటికి వద్దాం. బెంగళూరు ఆఫీసు నుంచి లక్నో బ్రాంచికి నేను మొదటిసారి హిందీలో రాసిన మెయిల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇంగ్లీషులో ఉన్నది ఇంతే: మార్చి ట్రావెల్ బిల్లులు ఏప్రిల్ 5లోగా పంపాలి, ఫారం అటాచ్ చేశాం, ఆలస్యంగా వచ్చినవి ఈ నెల తీసుకోం. చివర్లో అలవాటు ప్రకారం 'డూ ద నీడ్‌ఫుల్'.

నేను ఇలా రాశాను:

"కృపయా సంలగ్న్ ప్రపత్ర్ కా అవలోకన్ కరేఁ. మార్చ్ మాహ్ కే యాత్రా వ్యయ్ కే దేయక్ 5 అప్రైల్ తక్ ప్రేషిత్ కరేఁ. విలంబ్ సే ప్రాప్త్ దేయకోఁ పర్ విచార్ నహీఁ కియా జాయేగా. ఆవశ్యక్ కార్రవాయీ కరేఁ."

మర్నాడు పొద్దున్నే అక్కడి నుంచి ఫోన్. "సర్, హమ్ సే కోయీ గల్తీ హో గయీ క్యా?" మావల్ల ఏమైనా తప్పు జరిగిందా అని అడుగుతున్నారు. వాళ్ల గొంతులో టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ మెయిల్‌లో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. కానీ చదివితే సర్కారీ నోటీసులా ఉంది. 'కార్రవాయీ' అనే మాట వాళ్ల కంట ఎక్కువగా పడేది 'కార్రవాయీ కీ జాయేగీ' అనే హెచ్చరికల్లోనే, అంటే మన 'చర్య తీసుకోబడును' లాంటిది. మనం ఈ గోతిలో పడటానికి కారణం ఉంది. వ్యయం, విలంబం, అవలోకనం మనకూ తెలిసిన మాటలే కాబట్టి చెయ్యి అటే పోతుంది. అయితే తెలుగులో మాత్రం పక్క సీటాయనకి 'వ్యయపత్రములు ప్రేషింపుడు' అని రాస్తామా? కేంద్ర ప్రభుత్వ రాజభాషా విభాగమే 2011లో ఆఫీసు హిందీ తేలిగ్గా ఉండాలని, వాడుకలో ఉన్న ఇంగ్లీషు మాటల్ని దేవనాగరిలో రాసుకోవచ్చని చెప్పింది.

మరి బరువైన మాటలు తీసేస్తే మర్యాద ఎక్కడ నిలుస్తుంది? క్రియ చివర. 'భేజో' చనువున్నవాళ్లకి. 'భేజియే' ఎదురుగా ఉన్న మనిషిని అడిగినట్టు ఉంటుంది. పదిమందికి వెళ్లే మెయిల్‌లో 'భేజేఁ' సరిపోతుంది. దానికంటే మెత్తగా ఉండేది 'భేజ్ దేఁ'. మనకి 'పంపేయండి' అంటే తొందరపెట్టినట్టు వినిపిస్తుంది కాబట్టి దీన్ని రాయడానికి వెనకాడతాం. హిందీలో మాత్రం ఆ 'దేఁ' ఆ పని మాకోసం చేసిపెట్టండి అనే ధ్వని తెస్తుంది. 'కృపయా' తప్పేమీ కాదు గానీ ప్రతి వాక్యానికీ తగిలిస్తే 'యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ' అనే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ అవుతుంది.

తిరగరాసిన మెయిల్ ఇది:

"మార్చ్ కే అప్నే ట్రావెల్ బిల్ 5 అప్రైల్, శామ్ 6 బజే తక్ భేజ్ దేఁ. ఫార్మ్ అటైచ్ కియా హై. ఇస్ కే బాద్ ఆయే బిల్ అగ్‌లే మహీనే కీ సైలరీ మేఁ జుడేఁగే. కోయీ దిక్కత్ హో తో ఇసీ మేల్ పర్ బతా దేఁ."

'ఈ నెల తీసుకోం' అన్నది 'వచ్చే నెల జీతంలో కలుస్తాయి' అయింది చూడండి. ఇది నా సొంత ఊహ కాదు, మేనేజర్‌ని అడిగి ఖాయం చేసుకున్నాకే రాశాను. మాట మెత్తన చేసే తొందరలో లేని హామీ ఇవ్వకూడదు. 'నీడ్‌ఫుల్' పూర్తిగా పోయింది, ఎందుకంటే చేయాల్సిన పని మొదటి వాక్యంలోనే ఉంది.

'అప్నే' దగ్గర కాస్త ఆగండి. 'మీ బిల్లులు మీరు పంపండి' అనే మన వాక్యం నుంచి 'ఆప్ ఆప్‌కే బిల్ భేజేఁ' వచ్చేస్తుంది. పని ఎవరు చేస్తారో వస్తువు కూడా వాళ్లదే అయినప్పుడు 'అప్నా, అప్నే, అప్నీ' రావాలి. లక్నోవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో ప్రమాదం, రెండు భాషల్లో ఒకేలా ఉండి అర్థం మారిపోయే మాటలు. హిందీలో 'ఆలోచ్‌నా' అంటే విమర్శ, 'అవసర్' అంటే అవకాశం. అభిప్రాయం కావాలంటే 'రాయ్' అనండి, అవసరానికి 'జరూరత్' ఉంది. 'కల్' నిన్న కూడా, రేపు కూడా. మెయిల్ ఎప్పుడు తెరుస్తారో తెలియదు కాబట్టి తేదీయే వేయండి.

ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లే సంతకం ఉత్తరానికి ఇదంతా వర్తించదు. అక్కడ 'సంలగ్న్', 'ప్రేషిత్' ఇప్పటికీ మామూలే.

వచ్చే పాఠంలోగా ఈ వాక్యం హిందీలో రాసి పెట్టుకోండి: "కొత్త లీవ్ ఫారం చూసి, మీ ఆలోచనలు రేపటిలోగా పంపండి."