కార్డు బాకీ ముందా, సిప్ ముందా? నూటికి నెలకు ఎంతో లెక్కేసి తేల్చుకోవడం ఎలా

కార్డు మీద లక్షా ఇరవై వేలు బాకీ ఉంచుకుని, బిల్లు రాగానే మినిమమ్ డ్యూ కట్టేసి, మిగిలిన నాలుగు వేలు సిప్‌లో వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇదేం లెక్క అంటే, "కార్డుకు మూడున్నర శాతమే కదండీ, ఫండ్ పన్నెండు శాతం ఇస్తోంది" అంటారు. ఆ మూడున్నర నెలకు. ఆ పన్నెండు ఏడాదికి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది.

మన ఊళ్లలో అప్పిచ్చేవాళ్లు ఈ పొరపాటు చెయ్యరు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారే తప్ప ఏడాది శాతాల జోలికి పోరు. నూటికి నెలకు ఎంత అన్నదే వాళ్ల కొలత. ఇంతకంటే సులువైన పోలిక ఇంకొకటి లేదు. అప్పునైనా, పెట్టుబడినైనా ముందు ఈ భాషలోకి తెచ్చాకే పక్కపక్కన పెట్టాలి. ఎక్సెల్ షీట్లు, యాప్‌లలోని కాలిక్యులేటర్లు తర్వాత చూసుకోవచ్చు.

కావలసినవి

చివరి రెండు కార్డు స్టేట్‌మెంట్లు, ఫోన్‌లోని కాలిక్యులేటర్, ఇంటి ఖర్చులు పోను నెలకు నికరంగా ఎంత మిగులుతుందో ఆ అంకె. పీఎఫ్, ఇన్సూరెన్స్ ప్రీమియంలు ఈ లెక్కలోకి రావు, వాటిని కదపొద్దు. ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచండి. అది లేకపోతే పిల్లాడికి జ్వరం వచ్చినా మళ్లీ కార్డే గీకాలి. ఆరు నెలల ఖర్చు దాచాకే అప్పు తీర్చాలని చెప్పేవాళ్లూ ఉన్నారు. కార్డు బాకీ ఉన్నప్పుడు ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

మొదటి పని: పెట్టుబడిని రూపాయి వడ్డీలోకి మార్చడం

ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు. ఈక్విటీ ఫండ్‌లో ఏడాదికి 12 శాతం వస్తుందనుకుంటే అది రూపాయి వడ్డీ, అదీ వస్తే. 7 శాతం ఎఫ్‌డీ అయితే 58 పైసలు, దాని మీద పన్ను మళ్లీ వేరు. యాప్‌లో "మూడేళ్లలో 45 శాతం" అని కనిపిస్తే అది మూడేళ్ల మొత్తం కావచ్చు. ఏడాదికి ఎంతో చూసుకోండి.

రెండో పని: కార్డు అసలు వడ్డీ కనుక్కోవడం

చాలామంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి దీనికి తీరిగ్గా కూర్చోండి.

బ్యాంకు బ్రోచర్‌లో నెలకు 3.5 శాతం అని ఉందనుకుందాం. మీరు కట్టేది అంతకంటే ఎక్కువ. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలు పర్సనల్ లోన్, గోల్డ్ లోన్ వడ్డీల మీద ఈ జీఎస్టీ లేదు. ఈ తేడా తెలియకే కార్డుకు ఏడాదికి 42 శాతమని లెక్కేసుకుంటారు. స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ చార్జెస్ అన్న లైను వెతకండి. దాని కిందే ఐజీఎస్టీ అని గానీ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు లైన్లు గానీ ఉంటాయి. వడ్డీ మీద పడ్డ జీఎస్టీనే తీసుకోండి, యాన్యువల్ ఫీజు మీద పడ్డదాన్ని కలపొద్దు. వడ్డీ, జీఎస్టీ కూడి బాకీతో భాగించి వందతో హెచ్చించండి.

లక్షా ఇరవై వేల బాకీకి నెల వడ్డీ 4,200, దాని మీద జీఎస్టీ 756. మొత్తం 4,956. దీన్ని 1,20,000తో భాగించి వందతో హెచ్చిస్తే 4.13 వస్తుంది. అంటే నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ. ఏడాదికి దాదాపు 50 శాతం. ఇదే వడ్డీకి వీధి చివర ఎవరైనా అప్పిస్తామంటే దండం పెట్టి వచ్చేస్తాం. కార్డు అయ్యేసరికి అది కంటికి ఆనదు.

మీ లెక్కలో 3.5కు దగ్గరగా వస్తే జీఎస్టీ లైను వదిలేశారన్నమాట. ఐదో ఆరో వస్తే మొదటి నెల స్టేట్‌మెంట్ చూస్తున్నారేమో చూడండి. బాకీ మిగిలిన మొదటి నెలలో వడ్డీ గడువు తేదీ నుంచి కాక, వస్తువు కొన్న రోజు నుంచి లెక్కకడతారు. అందుకే ఆ అంకె ఉబ్బి కనిపిస్తుంది. రెండు స్టేట్‌మెంట్లు తీసుకోమన్నది ఇందుకే. బాకీలో ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లు ఉంటే వాటిని తీసేసి, మిగిలిన దానితోనే భాగించాలి. వాటి వడ్డీ రేటు వేరు, సాధారణంగా తక్కువ.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పాత బాకీ కొంత మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు ఉండదు. మూడో తారీఖున పదివేల సరుకులు కార్డు మీద తెస్తే ఆ రోజు నుంచే రోజుకు పదమూడు రూపాయల పైచిలుకు నడుస్తుంది. "పాత బాకీ నెమ్మదిగా తీరుస్తాను, సరుకులు మాత్రం పాయింట్ల కోసం కార్డు మీదే కొంటాను" అనేవాళ్లు నూటికి రూపాయి విలువ చేసే పాయింట్ల కోసం నాలుగు రూపాయలు కడుతున్నారు. కాబట్టి ఈ రోజే కార్డు బీరువాలో పెట్టండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు తీసేయండి. ఓటీటీ, ఫోన్ బిల్లు లాంటి ఆటోపేలు డెబిట్ కార్డుకో యూపీఐకో మార్చండి. కార్డు వాడకం ఆపకుండా కింద చెప్పిన లెక్కలేవీ పనిచెయ్యవు.

మూడో పని: రెండింటినీ పక్కపక్కన పెట్టడం

అటు 4 రూపాయల 13 పైసలు ఖాయంగా పోతాయి. ఇటు రూపాయి రావచ్చు, రాకపోవచ్చు. నిజానికి తీర్పు ఇక్కడే అయిపోయింది. అయినా నమ్మకం కుదరనివాళ్ల కోసం నెలకు పదివేలు మిగిలే ఇంటి లెక్క మూడేళ్లకు వేసి చూద్దాం.

సగం అటు, సగం ఇటు అనుకునేవాళ్లు మినిమమ్ డ్యూకు సరిపోయేలా 6,000 కార్డుకు కట్టి 4,000 సిప్ వేస్తారు. మొదటి నెల ఆ ఆరు వేలలో 4,956 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 1,044. ఇలాగే మూడేళ్లు కట్టాక కూడా కార్డు మీద దాదాపు 36,800 మిగులుతుంది. సిప్‌లో 12 శాతం చొప్పున వచ్చిందనుకుంటే 1,72,300 ఉంటుంది. బాకీ తీసేస్తే చేతిలో ఉన్నట్టు లెక్క 1,35,500.

మొత్తం పదివేలూ కార్డుకే కట్టేవాళ్లకు మొదటి నెలలోనే అసలు 5,044 తగ్గుతుంది. 17వ నెలలో బాకీ తీరిపోతుంది. ఆ 17 నెలల్లో కట్టిన వడ్డీ, జీఎస్టీ కలిపి 49,000 పైనే, అదీ తక్కువేం కాదు. 18వ నెల నుంచి పదివేలూ సిప్‌లోకి వెళ్తే, అదే 12 శాతానికి మూడేళ్లు ముగిసేసరికి 2,09,000 అవుతుంది. తేడా 73,000 పైన. సిప్ ఆలస్యంగా మొదలైనా ముందుంది.

"మార్కెట్ బాగా పెరిగితేనో?" అంటారు. సిప్‌కు ఏడాదికి 24 శాతం వేసి చూసినా మొత్తం బాకీ ముందు తీర్చిన వాళ్లే 58,000 ముందుంటారు. మూడేళ్లూ వరసగా 24 శాతం వస్తుందని మీకెవరైనా చెబితే వాళ్లు ఏదో అమ్ముతున్నారని అర్థం.

ఇక్కడ పెట్టుకోవాల్సిన గీత రూపాయి వడ్డీ. అప్పు రూపాయి దాటితే పెట్టుబడి ఆపి అప్పు తీర్చాలి. ఇంటి లోన్ ఎనిమిదిన్నర శాతమైతే అది 71 పైసలు. దాన్ని మామూలుగా కట్టుకుంటూ సిప్ వేసుకోవచ్చు. ఇంటి లోన్‌కు, కార్డు బాకీకి ఒకే సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

ఇప్పటికే ఎఫ్‌డీ ఉంటే దాన్ని రద్దు చేసి కార్డుకు కట్టండి. పెనాల్టీ ఎంత పడినా 58 పైసల కోసం నాలుగు రూపాయలు వదులుకోవడం కంటే నయం. ఫండ్ యూనిట్లు అమ్మినా అంతే. ఏడాదిలోపువైతే అమ్మేటప్పుడు ఫండ్ కోసుకునే ఎగ్జిట్ లోడ్ సాధారణంగా 1 శాతం ఉంటుంది, ఈక్విటీ ఫండ్‌ల లాభం మీద 20 శాతం పన్ను పడుతుంది. పన్ను లాభానికే, మొత్తానికి కాదు. నడుస్తున్న సిప్‌ను డెబిట్ తేదీకి వారం పది రోజుల ముందే ఆపేయండి. ఖాతాలో డబ్బు లేక అది వెనక్కి తిరిగితే బ్యాంకు దానికీ చార్జీ వేస్తుంది.

నాలుగో పని: వీలైతే అప్పునే మార్చెయ్యడం

ఇంట్లో బంగారం ఉంటే ఇదే మంచి దారి. ఏడాదికి 10 శాతానికి బ్యాంకులో గోల్డ్ లోన్ దొరికిందనుకుందాం, అంటే 83 పైసలు. లక్షా ఇరవై వేలు తెచ్చి కార్డు పూర్తిగా కట్టేసి, అదే పదివేలు నెలనెలా గోల్డ్ లోన్‌కు కడితే 13 నెలల్లో తీరుతుంది. వడ్డీ మొత్తం ఏడు వేల దగ్గర ఆగుతుంది. 49,000 ఎక్కడ, ఏడు వేలెక్కడ! నగ బ్యాంకులో పెట్టాలంటే నామోషీ అనుకునేవాళ్లకు ఆ నామోషీ ఖరీదు 42,000. తీసుకునే ముందు ఒక్కటి అడగండి: మధ్యలో కొంచెం కొంచెంగా కడితే అసలు తగ్గుతుందా, ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుందా? కాదంటే ఇంకో బ్యాంకుకు వెళ్లండి.

బంగారం లేకపోతే పర్సనల్ లోన్. 16 శాతమైనా రూపాయి 33 పైసలే. వడ్డీ పదకొండు పన్నెండు వేలు అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డు బ్యాంకే ఫోన్ చేసి "మీ బాకీని ఈఎంఐ చేస్తాం" అంటే అది ఆఖరి దారిగా ఉంచుకోండి. రేటు తక్కువగానే కనబడుతుంది గానీ కార్డు ఈఎంఐ వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది, ముందుగా మూసేస్తే దానికీ రుసుము ఉంటుంది. వాళ్లు చెప్పిన రేటును 1.18తో హెచ్చించాకే పర్సనల్ లోన్‌తో పోల్చండి. అప్పు మార్చాక కార్డు లిమిట్ మళ్లీ ఖాళీగా కనబడుతుంది. లిమిట్ తగ్గించమని బ్యాంకుకు ఆ రోజే చెప్పండి.

ఐదో పని: కట్టడం, మూసేయడం

గడువు తేదీ వరకు ఆగక్కర్లేదు. వడ్డీ రోజువారీ లెక్క కాబట్టి జీతం పడిన రోజే కట్టండి. యాప్‌లో ఆటోపే మినిమమ్ అమౌంట్ డ్యూ మీద ఉందేమో చూడండి. బాకీ తీరేదాకా అలాగే ఉంచి, మిగతాది చేత్తో కట్టొచ్చు. తీరాక టోటల్ అమౌంట్ డ్యూకు మార్చండి.

మొత్తం కట్టేశామని సిప్ మొదలుపెట్టిన మరుసటి నెల ఓ చిన్న బిల్లు వస్తుంది, దాన్ని చూసి చాలామంది బ్యాంకు మోసం చేసిందనుకుంటారు. స్టేట్‌మెంట్ తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా నడిచిన వడ్డీ అది, దాని జీఎస్టీతో సహా. కొన్ని వందలే కదా అని వదిలేస్తే లేట్ ఫీజు పడుతుంది, సిబిల్‌లో మచ్చ మిగులుతుంది. అది కూడా కట్టి, ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ చార్జెస్ లైను సున్నా అయ్యాక, కార్డుకు కట్టిన తేదీకే అదే పదివేలకు సిప్ పెట్టండి.