రెండో సమీకరణం నోట్సులో లేకపోతే

గాజువాకలో మా అక్క కొడుకు నోట్సు తెరిస్తే 3x + 2y = 16 ఒక్కటే ఉంది, రెండోది రాసేలోపే బోర్డు తుడిచేశారట. ఇలాంటప్పుడు గంటలకొద్దీ కుస్తీ పట్టకండి, ఒక్క సమీకరణానికి జవాబులు లెక్కలేనన్ని. అదే x అంటే 3 రూపాయల పెన్సిళ్లు, y అంటే 2 రూపాయల రబ్బర్లు, రెండూ కొన్నారు అనుకుంటే మాత్రం (2, 5), (4, 2) రెండే మిగులుతాయి. జవాబు (4, 2) అని ఫ్రెండ్ చెప్పినా పోయిన సమీకరణం తేలదు, x + y = 6 అయినా సరిపోతుంది, x − y = 2 అయినా సరిపోతుంది. మావాడి పేజీ అంచున "x − y =" అని సగం దొరికింది కాబట్టి, ఆ జవాబు అందులో వేసి కుడివైపు 2 రాసుకున్నాం. అది కూడా లేకపోతే సొంతంగా కల్పించకుండా ఫ్రెండ్ నోట్సు ఫొటో అడగడమే.