వెంటిలేటర్ మీద ఉన్న తలగాయం పేషెంటుకు ఐసీపీ పెరిగితే ఎక్కడ వెతకాలి?

తలకు గట్టి దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటు. ఐసీపీ, అంటే పుర్రె లోపలి ఒత్తిడి, సాయంత్రం 14 ఉన్నది రాత్రికి 26 అయింది. 22 దాటితే చికిత్స చేయాలి. ఒక కంటిపాప పెద్దదైతే ఆలోచనకు టైమ్ లేదు: మానిటాల్ ఎక్కించాలి, సీటీ తీయించాలి, సర్జన్‌ను పిలవాలి. పాపలు రెండూ సమానంగా ఉండి, వెలుగుకు ముడుచుకుంటుంటే మాత్రం ముందు కొన్ని నిమిషాలు కారణం కోసం వెతకండి. మెడ తిరిగిపోయిందా, కాలర్ బిగిసిందా, పేషెంటు దగ్గుతున్నాడా చూశాక మిగిలే అనుమానాలు ముఖ్యంగా రెండు: కార్బన్ డయాక్సైడ్, బీపీ.

మీన్ బీపీ సుమారు 60 నుంచి 150 మధ్య ఎటు మారినా ఆరోగ్యంగా ఉన్న మెదడు తన రక్తప్రవాహాన్ని దాదాపు ఒకేలా నిలుపుకుంటుంది. బీపీ పెరిగితే సన్న ధమనులు ముడుచుకుంటాయి, తగ్గితే విచ్చుకుంటాయి. దీన్నే ఆటోరెగ్యులేషన్ అంటాం. ఎన్నో ఏళ్లుగా బీపీ ఉన్నవాళ్లలో ఈ హద్దులు పైకి జరుగుతాయి. కార్బన్ డయాక్సైడ్ ఇదే ధమనుల మీద ఇంకో దారిలో పనిచేస్తుంది. రక్తంలో అది 1 మి.మీ. పెరిగితే మెదడు రక్తప్రవాహం దాదాపు 3 శాతం పెరుగుతుంది. నాళాలు అలా ముందే విచ్చుకుని ఉంటే, బీపీ మార్పుకు సర్దుకునే సత్తా తగ్గిపోతుంది.

ఐసీపీ పెరిగింది, బీపీ మారలేదు, ఎండ్ టైడల్ 36

ఎండ్ టైడల్ బాగుంది కదా అని వదిలేయకండి. రక్తంలోని విలువ మామూలుగా దానికంటే 2 నుంచి 5 ఎక్కువ. ఊపిరితిత్తికి కూడా దెబ్బ తగిలితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఏబీజీ పంపండి. మన పేషెంటుకు 48 వచ్చిందనుకుందాం. ఉండాల్సినది 38 దగ్గర. అంటే 10 ఎక్కువ, రక్తప్రవాహం దాదాపు 30 శాతం పెరిగినట్టు. నాళాల్లో నిండే రక్తం అంత శాతం పెరగదు. కానీ వాచిన మెదడుకు పుర్రెలో చోటు ఉండదు కాబట్టి కొద్ది మిల్లీలీటర్లే చాలు.

ట్యూబులో కఫం ఉంటే సక్షన్ చేయండి, ఫిల్టర్ తడిసి మూసుకుపోయిందేమో చూడండి. తర్వాత రేటు పెంచండి. టైడల్ వాల్యూమ్ అలాగే ఉంచితే లెక్క సులువు: 48 × 14 ÷ 18, సుమారు 37. నిమిషానికి 14 శ్వాసలను 18 చేస్తే సరిపోతుంది. ఊపిరి పూర్తిగా బయటికి వస్తోందా అని స్క్రీన్ మీద చూసి, 20 నిమిషాల తర్వాత మళ్లీ ఏబీజీ తీయండి. విలువ దిగుతుంటే ఐసీపీ కూడా దిగాలి. దిగకపోతే కారణం వేరే ఉంది, సీటీకి పంపండి.

మత్తు మందు పెంచాక బీపీ తగ్గింది, ఐసీపీ పెరిగింది

చాలామందిని తికమక పెట్టేది ఇదే. మీన్ బీపీ 66, ఐసీపీ 25 అనుకోండి.

CPP = MAP − ICP

మెదడుకు అందే ఒత్తిడి 41. కావాల్సింది 60 నుంచి 70. ఆటోరెగ్యులేషన్ పనిచేస్తోంది కాబట్టే ధమనులు రక్తం కోసం విచ్చుకున్నాయి, లోపల రక్తం పెరిగింది, దాంతో ఐసీపీ పెరిగింది. ఇక్కడ మానిటాల్ ఇస్తే మూత్రం ఎక్కువగా పోయి బీపీ ఇంకా జారుతుంది. రక్తస్రావం లేదని చూసుకుని, కావలసిన ఫ్లూయిడ్ ఇచ్చి, నార్అడ్రినలిన్‌తో మీన్ బీపీ పెంచండి. 84కు తెస్తే ధమనులు ముడుచుకుని ఐసీపీ 19కి దిగిందనుకుంటే, మెదడుకు 65 అందుతుంది.

లెక్క వేసే ముందు ట్రాన్స్‌డ్యూసర్ చూడండి. తల 30 డిగ్రీలు ఎత్తినప్పుడు అది గుండె ఎత్తులో ఉంటే బీపీ మెదడు దగ్గర ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చెవి రంధ్రం గుండె కంటే 15 సెం.మీ. పైన ఉంటే తేడా దాదాపు 11.

బీపీ పెరిగినప్పుడల్లా ఐసీపీ కూడా పెరుగుతోంది

ఇది ఆటోరెగ్యులేషన్ దెబ్బతిన్న మెదడు. ధమనులు ముడుచుకోవడం లేదు, బీపీ నేరుగా లోపలికి చేరుతోంది. అనుమానం ఉంటే సీనియర్ పక్కన ఉండగా మీన్ బీపీని 10 పెంచి 20 నిమిషాలు చూడండి. ఐసీపీ అలాగే ఉన్నా, తగ్గినా ఆటోరెగ్యులేషన్ ఉన్నట్టే. పెరిగితే మందు వెనక్కి తగ్గించి, CPP 60 దగ్గరే ఉంచండి. ఈ పరీక్ష చేస్తున్నంతసేపు వెంటిలేటర్ సెట్టింగ్, మత్తు మందు ముట్టుకోవద్దు, ఫలితం అర్థం కాకుండా పోతుంది.

నిన్న గాలి ఎక్కువ ఇచ్చి తగ్గించాం, నేడు సెట్టింగ్ మామూలు చేయగానే ఐసీపీ ఎగిసింది

కార్బన్ డయాక్సైడ్‌ను 30కి దించితే ఐసీపీ నిమిషాల్లో దిగుతుంది, కానీ గాయపడిన భాగానికి రక్తం కూడా తగ్గుతుంది. పైగా మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో బైకార్బొనేట్ తగ్గి, కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు ధమనులు మళ్లీ మామూలు వెడల్పుకు వస్తాయి. అప్పుడు 38 కూడా వాటికి ఎక్కువే అవుతుంది. కాబట్టి ఒక్కసారిగా వెనక్కి రాకుండా, నిమిషానికి ఒకటి రెండు శ్వాసల చొప్పున గంటల మీద తగ్గించండి. కంటిపాప పెద్దదై సర్జన్ వచ్చేలోపు మెదడును కాపాడాల్సి వస్తే తప్ప అంత కిందికి దించవద్దు.