అగ్రిమెంటులో 1.20 అని ఉంటే సంతకానికి ముందు చూసుకోవాల్సినవి

కర్నూలులో 1.20 అంటే ఎకరా 20 సెంట్లు. తుంగభద్ర దాటి గద్వాల వైపు వెళితే అదే అంకెను ఎకరా 20 గుంటలు అంటారు, అంటే ఎకరంన్నర. తేడా 30 సెంట్లు!

- అంకె పక్కన సెంట్లో గుంటలో అక్షరాల్లో రాయించండి.
- ఎకరాకు 100 సెంట్లు, 40 గుంటలు, 4,840 గజాలు. గుంటంటే రెండున్నర సెంట్లు, 121 గజాలు. సెంటంటే 48.4 గజాలు, 48 అని లెక్కేస్తే ఎకరాకు 40 గజాలు పోతాయి.
- ధరను గజాల్లోకి దింపి చూడండి. ఎకరా 20 లక్షలైతే సెంటు 20,000, గజం సుమారు 413. 120 సెంట్లకు 5,808 గజాలు, 24 లక్షలు. మొత్తం 30 లక్షలని రాశారా? గజం సుమారు 517 పడుతుంది. ఎవరో గుంటల లెక్క వేశారన్నమాట.
- పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఎంతుందో కూడా చూడండి. బేరం నోటితో ఎలా జరిగినా, దస్తావేజులో రాసిందే నిలుస్తుంది.