స్పేస్ స్టేషన్‌లో మిర్చి బస్తా భారం ఎంత? గురుత్వాకర్షణ లెక్క చేసే పద్ధతి

హన్మకొండలో మా ఇంటి పైగదిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను. గురుత్వాకర్షణ పాఠం మొదలవగానే ఈ లెక్క ఇస్తాను: ఎనుమాముల మార్కెట్‌లో కాంటా మీద 40 కిలోలు తూగిన మిర్చి బస్తాను 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్పేస్ స్టేషన్‌కు తీసుకెళ్తే, దాని మీద భూమి లాగే బలం, అంటే భారం ఎంత?

"సున్నా సార్" అని సగం మంది వెంటనే అనేస్తారు. ఆ సున్నా ఎందుకు తప్పో తేలితే పాఠంలో చాలా భాగం తేలినట్టే.

1. ముందు కిలోలను, న్యూటన్లను విడదీయండి

మార్కెట్‌లో "బరువు 40 కిలోలు" అంటాం. పరీక్షలో అది ద్రవ్యరాశి. బస్తాలో ఉన్న మిర్చి ఎంతో అదే, ఎక్కడికెళ్లినా మారదు. భారం అంటే ఆ బస్తాను భూమి లాగే బలం.

W = mg = 40 × 9.8 = 392 N

చంద్రుడి మీద తక్కెడలో బాట్లు వేసి తూచినా 40 కిలోలే వస్తుంది, ఎందుకంటే బాట్ల భారం కూడా అంతే తగ్గుతుంది. స్ప్రింగ్ త్రాసు మాత్రం దాదాపు ఆరో వంతే చూపిస్తుంది. ఈ తేడా మీద రెండు మార్కుల ప్రశ్న అడగడానికి చాలా వీలుంది.

2. దూరాన్ని భూమి మధ్య నుంచి కొలవండి

లెక్క ఎక్కువగా చెడేది ఇక్కడే. న్యూటన్ సూత్రం F = GMm/r² లో r అంటే భూకేంద్రం నుంచి దూరం. నేల మీద నుంచి ఎత్తు కాదు. భూమి వ్యాసార్థం 6400 కి.మీ. కాబట్టి:

r = 6400 + 400 = 6800 కి.మీ.

3. G, M విలువలు వేయకుండా నిష్పత్తి రాయండి

దూరం వర్గానికి విలోమంగా g తగ్గుతుంది. G, M పైనా కిందా కొట్టుకుపోతాయి. పదుల ఘాతాలతో కుస్తీ పట్టే పని లేదు.

g' = 9.8 × (6400/6800)² = 9.8 × (16/17)² ≈ 8.68 m/s²

W' = 40 × 8.68 ≈ 347 N

392 నుంచి 347కి తగ్గింది, అంతే. r దగ్గర 400 మాత్రమే వేస్తే g సుమారు 2509 వస్తుంది, బస్తా భారం లక్ష న్యూటన్లు దాటుతుంది! పైకి వెళ్లేకొద్దీ g తగ్గాలి. 9.8 కన్నా ఎక్కువ వచ్చిందంటే రెండో మెట్టు దగ్గరే తప్పు జరిగిందని గుర్తు.

4. మరి బస్తా ఎందుకు తేలుతుంది?

దీనికి ఒక వాటర్ బాటిల్ చాలు. అడుగున మేకుతో చిన్న రంధ్రం చేసి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకోండి. నీళ్లు సన్నగా ధార కడతాయి. ఇప్పుడు డాబా మీది నుంచి వదిలేయండి (కింద ఎవరూ లేకుండా చూసుకోండి). పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. నీళ్ల మీద గురుత్వాకర్షణ పోలేదు. బాటిల్, నీళ్లు ఒకే త్వరణంతో పడుతున్నాయి కాబట్టి ఒకదాన్నొకటి నొక్కుకోవడం లేదు. అదే స్వేచ్ఛా పతనం.

స్పేస్ స్టేషన్, అందులోని బస్తా కూడా ఇలాగే కలిసి పడుతుంటాయి. అందుకే అక్కడ కాంటా మీద పెడితే సున్నా చూపిస్తుంది. జవాబులో "గురుత్వాకర్షణ లేదు" అని రాయకండి. "స్వేచ్ఛా పతనంలో ఉన్నందున భారరహిత స్థితి కనిపిస్తుంది" అని రాయండి.

5. పడుతుంటే నేలను ఎందుకు తాకదు?

పక్కకు పోయే వేగం వల్ల. భూమి లాగే బలమే వృత్తాకార కక్ష్యకు కావలసిన అభికేంద్ర బలం. mg' = mv²/r అని రాస్తే:

v = √(g'r) = √(8.68 × 6800000) ≈ 7680 m/s

అంటే సెకనుకు దాదాపు 7.7 కి.మీ. ఒక్క సెకనులో స్టేషన్ కిందికి పడేది ½ × 8.68, సుమారు 4.3 మీటర్లు. అది 7.7 కి.మీ. ముందుకెళ్లేసరికి, గుండ్రంగా ఉన్న భూమి కూడా దాని కింద అంతే వంగిపోతుంది. అందుకే ఎంత పడినా నేల అంతే దూరంలో ఉంటుంది. పిల్లలు ఇక్కడ కాసేపు నోరు తెరుచుకుని చూస్తారు, నాకు ఇష్టమైన క్షణం అదే.

కిలోమీటర్లను మీటర్లలోకి మార్చకుండా 6800 అలాగే వేస్తే వేగం 243 వస్తుంది. అది మామూలు ప్రయాణికుల విమానం వేగం. ఆ జవాబు కనిపిస్తే వెనక్కెళ్లి సున్నాలు లెక్కపెట్టుకోండి.