చుక్క నుంచి వీడియో దాకా – 5వ పాఠం: వీడియో కింద వివరం రాయడం

పోయిన పాఠంలో ఫోన్‌ను స్టూలు మీద కట్టి పై నుంచి ముగ్గు తీయడం చూశాం. ఈసారి ఆ వీడియో కింద రాసే నాలుగు సంగతులు: సామగ్రి, ఎంత కష్టం, ఎంతసేపు, ఎన్ని మెట్లు.

మొదట్లో నేను ఇవి ఊహించి రాసేదాన్ని. "5 నిమిషాలు, 3 మెట్లు, చాలా సులువు" అని పెట్టేశాను. మా పిన్ని కూతురు అది చూసి వేసింది. "అక్కా, ఐదు నిమిషాలన్నావు, నాకు చుక్కలకే ఎనిమిదయ్యాయి" అంది. నేను రాసింది వేగం పెంచిన వీడియో నిడివి. ముగ్గు వేయడానికి పట్టిన సమయం కాదు.

ఆ ముగ్గునే తీసుకుందాం: 7 చుక్కలు, 4 వచ్చే వరకు, సందు చుక్క. నడి వరుసలో 7, దానికి పైనా కిందా 6, 5, 4. మొత్తం 37. నడి చుక్క నుంచి ఆరు వైపులా ఆరు రేకులు వెళ్తాయి. ఒక్కో రేకు కడుపులో ఒక చుక్క, కొసన ఒక చుక్క ఉంటాయి. రెండు రేకుల మధ్య మిగిలిన చుక్క ప్రమిదకు అడుగు, దానికి బయటి వైపున్న రెండు చుక్కలు ప్రమిద అంచులు. అలా ఆరు ప్రమిదలు, వాటి మీద ఆరు జ్యోతులు. ఆరు మూలల్లో మిగిలిన చుక్కలకు చిన్న మొగ్గలు. ఇప్పుడు లెక్క చూడండి: నడిమిది 1, రేకులవి 12, ప్రమిదలవి 18, మొగ్గలవి 6, కలిపితే 37. ఈ లెక్క కుదరకపోతే చుక్క ఎక్కడో తప్పినట్టే. వివరంలో మొత్తం చుక్కలు రాస్తే చూసేవాళ్లు కూడా గీత మొదలుపెట్టక ముందే సరిచూసుకుంటారు.

మెట్టు అంటే చేయి చేసే పని మారే చోటు. రేకులు ఆరున్నా వేసే తీరు ఒకటే కాబట్టి అది ఒక్క మెట్టే. ఈ లెక్కన మన ముగ్గుకు ఆరు మెట్లు. వీడియోలో అవి ఎక్కడ మొదలవుతాయో సమయం కూడా రాస్తే, యూట్యూబ్ వాటిని విడివిడి భాగాలుగా చూపిస్తుంది. మొదటిది 0:00 అయి ఉండాలి, కనీసం మూడుండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. నేను ఒకసారి 0:05తో మొదలుపెట్టి, భాగాలు ఎందుకు రాలేదా అని పూటంతా తల పట్టుకున్నాను.

```
7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క (మొత్తం 37)
చుక్కల ఎడం 2 అంగుళాలు, వరుసల ఎడం 1¾ అంగుళం
స్థలం: అడుగున్నర × అడుగున్నర
సామగ్రి: ముగ్గుపిండి, సన్న ఇసుక కలిపిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు
సమయం: అలవాటుంటే 22 ని., కొత్తవారికి 45 ని.
కష్టం: మెలికలు లేవు కాబట్టి గీతలు సులువు, జ్యోతి ఇరుకు కాబట్టి రంగులు మధ్యస్థం
0:00 చుక్కలు
0:35 రేకులు
1:10 ప్రమిదలు
1:55 జ్యోతులు
2:25 మొగ్గలు
2:45 రంగులు
```

చుక్కల వరుస పైనే పెట్టండి, ఎందుకంటే వివరంలో మొదటి ఒకటి రెండు పంక్తులే విప్పకుండా కనబడతాయి.

22 నిమిషాలు నాకు గడియారం పెట్టుకుని వేస్తే వచ్చింది: చుక్కలకు 3, గీతలకు 7, రంగులకు 12. 45 మా చెల్లిది. రెండూ రాయండి. కష్టం పక్కన కారణం కూడా రాయండి. "మధ్యస్థం" అన్న ఒక్క మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ముగ్గులో మెలికలు లేవు కాబట్టి గీతలు సులువే. జ్యోతి మాత్రం ఇరుకు, రంగు పక్కకు జారుతుంది.

సామగ్రిలో ముగ్గుపిండి, రంగులు అని ఊరుకోకండి. చుక్కల ఎడం రాయండి, స్థలం దాన్నిబట్టే తేలుతుంది. రెండంగుళాల ఎడమైతే 7 చుక్కల వరుస ఒక అడుగు వస్తుంది, జ్యోతులకు, చేయి ఆనడానికి ఇంకో అర అడుగు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ చాలు. రంగుల్లో సన్న ఇసుకో ఉప్పో కలిపితే ఉండ కట్టకుండా వేళ్ల సందుల్లోంచి సమంగా రాలుతాయి. ఏది కలిపారో రాయండి, లేకపోతే అదే డబ్బా కొన్నా వాళ్లకు మీ రంగు రాదు.

ఎక్కువమంది తప్పేది వరుసల ఎడం దగ్గర. చుక్కకు చుక్కకూ రెండంగుళాలు పెట్టి, వరుసకు వరుసకూ కూడా రెండే పెడతారు. అప్పుడు ఏటవాలు రేకులు నాలుగూ పొడుగై, అడ్డంగా ఉన్నవి రెండూ పొట్టిగా కనిపిస్తాయి. వరుసల ఎడం ఒకటిముప్పావు అంగుళం పెడితే ఆరూ సమానం. ఈ ఒక్క ముక్క వివరంలో రాశాక మా చెల్లి పువ్వు గుండ్రంగా వచ్చింది.

వచ్చే పాఠానికి అభ్యాసం: 5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క. మొత్తం 19. ఇందులో ఆరు రేకులూ పడతాయి కానీ ప్రమిదలకు అంచు చుక్కలుండవు. రేకుల మధ్య మిగిలే ఆరు చుక్కల్లో ఏం వేస్తారో మీ ఇష్టం. వేసేటప్పుడు గడియారం పెట్టుకోండి.